1,640 రిజిస్ట్రేషన్లు, 803 మంది: మా టెక్ ఫెస్ట్ లెక్క ఎక్కడ తప్పింది

మా కాలేజీ గుంటూరుకు కొంచెం దూరంలో హైవే పక్కన ఉంటుంది. ఏటా ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, శనివారం టెక్నికల్ ఫెస్ట్ జరుపుతాం. పోయినసారి కన్వీనర్ బాధ్యత నామీద పడింది. ఫెస్ట్ అయిన పది రోజులకి ప్రిన్సిపాల్ గారికి ఒక రిపోర్టు ఇచ్చాను. మొదట నేను రాసిన రిపోర్టులో రెండే ముఖ్యమైన వాక్యాలు: "మొత్తం 1,640 రిజిస్ట్రేషన్లు వచ్చాయి. ఖర్చు బడ్జెట్ కన్నా 2 శాతం మాత్రమే ఎక్కువైంది." రెండూ నిజమే. చదివినవాళ్లు బాగా జరిగిందనే అనుకుంటారు. కానీ అకౌంట్స్ సెక్షన్‌లో 88,000 రూపాయల లోటు తేలింది. శుక్రవారం మధ్యాహ్నం అన్నం గిన్నెలు గిన్నెలుగా మిగిలిపోతే, శనివారం అదే వేళకి కాలేజీ జీపు టౌన్‌లోని హోటల్ ముందు పార్సిళ్ల కోసం నిలబడి ఉంది. ఈ రెండూ నా రిపోర్టులో ఎక్కడా కనపడలేదు. అందుకే కాగితాలన్నీ ముందేసుకుని మళ్లీ కూర్చున్నాను. ఇది ఆ రెండో రిపోర్టు.

1,640 అంటే ఎంతమంది

మా గూగుల్ ఫామ్‌లో ఒక్కో ఈవెంట్‌కి ఒక్కో ఎంట్రీ. పేపర్ ప్రెజెంటేషన్‌కీ, క్విజ్‌కీ, రోబో రేస్‌కీ పేరిచ్చిన కుర్రాడు మూడుసార్లు లెక్కలోకి వస్తాడు. అంటే 1,640 అనేది మనుషుల లెక్క కాదు, ఎంట్రీల లెక్క. మనుషులెందరో తేలాలంటే హాల్‌టికెట్ నంబరు ఒక్కటే ఆధారం. పేర్లతో కుదరదు. ఒకే అమ్మాయి ఒకచోట ఇంటిపేరు ముందు రాసి, ఇంకోచోట వెనక రాసింది.

జేఎన్‌టీయూ పద్ధతిలో హాల్‌టికెట్ నంబరుకి పది అక్షరాలు. మొదటి రెండూ చేరిన సంవత్సరం, తర్వాతి రెండూ కాలేజీ కోడ్, ఆపైన రెగ్యులరా లాటరల్ ఎంట్రీయా, తర్వాత బ్రాంచి, చివర వరుస సంఖ్య. బ్రాంచి దగ్గర 05 ఉంటే సీఎస్‌ఈ, 04 ఉంటే ఈసీఈ. వరుస సంఖ్య 99 దాటాక A0, A1 అంటూ అక్షరాల్లోకి వెళ్తుంది. పిల్లలు ఫోన్‌లో టైప్ చేస్తారు కాబట్టి సున్నా బదులు O పడుతుంది, చివర ఖాళీ ఒకటి మిగులుతుంది, కొందరు చిన్న అక్షరాలు కొడతారు. షీట్‌కి అవన్నీ వేర్వేరు మనుషులు. మా నంబర్లలో O అనే అక్షరం ఎక్కడా రాదు. అందుకని ముందు పక్క కాలమ్‌లో ఇలా శుభ్రం చేశాం:

```
=SUBSTITUTE(UPPER(TRIM(B2)),"O","0")
```

తర్వాత ఆ కాలమ్‌లో వేర్వేరు నంబర్లు ఎన్నో లెక్కపెట్టాం:

```
=COUNTA(UNIQUE(C2:C1641))
```

1,018 వచ్చింది. అందులో బయటి కాలేజీలవాళ్లు 612 మంది, మనవాళ్లు 406 మంది. డిప్లొమా వాళ్ల పిన్ నంబర్లు వేరే తరహాలో ఉంటాయి కాబట్టి వాటిని ఇద్దరు వాలంటీర్లు కూర్చుని చేత్తో సరిచూశారు.

ఈ 1,018లో ఎంతమంది వచ్చారన్నది కిట్ రిజిస్టర్ చెబుతుంది. డెస్క్ దగ్గర సంతకం పెట్టి బ్యాగు, నోట్‌బుక్, పెన్ను తీసుకున్నవాళ్లు 742. బయటివాళ్లు 398, మనవాళ్లు 344. పేరివ్వకుండా నేరుగా వచ్చి అక్కడికక్కడే డబ్బు కట్టినవాళ్లు ఇంకో 61 మంది, అందరూ బయటివాళ్లే. మొత్తం 803.

మనవాళ్ల 344 గురించి ఒక మాట చెప్పాలి. ఈవెంట్ల స్కోర్ షీట్లతో పోల్చి చూస్తే అందులో 251 మంది పేర్లే ఏదో ఒక ఈవెంట్‌లో ఉన్నాయి. మిగిలిన 93 మంది కిట్ తీసుకుని, రెండు రోజుల అటెండెన్స్ వేయించుకుని, క్యాంటీన్‌లో కూర్చున్నారు. ఫెస్ట్‌కి పేరిస్తే క్లాసు అటెండెన్స్ ఇస్తామని మేమే సర్క్యులర్ వేశాం కాబట్టి వాళ్లని తప్పుపట్టలేను. వచ్చే ఏడాది అటెండెన్స్ స్కోర్ షీటు నుంచే తప్ప కిట్ రిజిస్టర్ నుంచి పోదు.

రానివాళ్లు ఎవరు

బయటివాళ్లు 612 మందిలో 214 మంది రాలేదు. నూటికి 35 మంది. మొదట అందరం ఒకే కారణం చెప్పుకున్నాం: పక్క యూనివర్సిటీ అనుబంధ కాలేజీల్లో సోమవారం నుంచి మిడ్ పరీక్షలు. అది కొంతవరకు నిజమే. కానీ డబ్బు కట్టిన తీరుని బట్టి జాబితాని రెండుగా విడదీసినప్పుడు అసలు విషయం బయటపడింది.

మా ఫామ్‌లో 250 రూపాయల ఫీజుకి రెండు దారులు పెట్టాం. ఇప్పుడే యూపీఐలో కట్టి ట్రాన్సాక్షన్ నంబరు రాయడం, లేదా "వచ్చినప్పుడు కడతాను" అని టిక్ పెట్టడం. ముందే కట్టినవాళ్లు 330 మంది. వాళ్లలో 303 మంది వచ్చారు, అంటే నూటికి 92. వచ్చినప్పుడు కడతామన్నవాళ్లు 282 మంది. వచ్చింది 95. మూడోవంతు. పరీక్షలు ఇద్దరికీ ఒకటే కదా. టిక్ పెట్టడానికి ఏమీ ఖర్చు కాదు కాబట్టి ఫ్రెండ్ పెడితే పక్కనున్నవాళ్లు కూడా పెట్టారు, అంతే.

ఆ రెండో దారి పెట్టమన్నది నేనే. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకి ఇబ్బంది అవుతుందని పెట్టాం. ఫామ్ తెరిచిన మొదటి వారంలో ఎంట్రీలు చకచకా పెరుగుతుంటే స్టూడెంట్ సెక్రటరీ రోజూ సాయంత్రం వచ్చి "మేడం, ఈరోజు ఇంకో వంద" అనేవాడు. నేనూ సంబరపడ్డాను. ఏ వంద అని అడిగి ఉండాల్సింది.

ఒకే క్యూ

ఇదే టిక్కు శుక్రవారం పొద్దున డెస్క్ దగ్గర ఇంకో రూపంలో ఎదురైంది. నాలుగు కౌంటర్లు పెట్టాం, కట్టినవాళ్లకీ కట్టనివాళ్లకీ ఒకే లైన్. తొమ్మిదింపావుకి రెండు బస్సులు, నాలుగైదు ఆటోలు ఒకేసారి దిగాయి. ముందే కట్టినవాళ్లకి నంబరు చూసి, సంతకం పెట్టించి, బ్యాగు ఇవ్వడానికి ముప్పావు నిమిషం పడుతోంది. కట్టనివాడు వస్తే మూడు నిమిషాలు. పోర్టికో కింద సిగ్నల్ సరిగా రాదు, క్యూఆర్ స్కాన్ చేసి గేటు దాకా నడిచి వెళ్లి పేమెంట్ అయ్యాక వెనక్కి వస్తాడు, అప్పటిదాకా కౌంటర్ ఆగిపోతుంది. ఐదు వందల నోటు ఇస్తే చిల్లర లేదు. పదిన్నరకి ముఖ్య అతిథి గారు దీపం వెలిగించే సమయానికి ఆడిటోరియంలో ఉన్నది మా ఫస్టియర్ సెక్షన్లు. అసలు పార్టిసిపెంట్లు ఇంకా ఎండలో లైన్లో ఉన్నారు. మొదటి రౌండ్ క్విజ్ యాభై నిమిషాలు లేటయింది, దానితో లంచ్ దాకా అన్నీ వెనక్కి జరిగాయి.

బడ్జెట్ పట్టిక చెప్పినది

| పద్దు | అంచనా (రూ.) | అయిన ఖర్చు (రూ.) | తేడా (రూ.) |
|---|---|---|---|
| భోజనాలు | 2,00,000 | 1,94,100 | 5,900 మిగులు |
| కిట్లు | 90,000 | 90,000 | లేదు |
| షామియానా, స్టేజి, సౌండ్, జనరేటర్ | 1,20,000 | 1,53,000 | 33,000 ఎక్కువ |
| బహుమతులు | 1,00,000 | 82,000 | 18,000 మిగులు |
| ఈవెంట్ల సామాను | 60,000 | 66,500 | 6,500 ఎక్కువ |
| అతిథులు, ప్రయాణాలు | 30,000 | 24,000 | 6,000 మిగులు |
| ఫ్లెక్సీలు, సర్టిఫికెట్లు | 25,000 | 31,200 | 6,200 ఎక్కువ |
| చిల్లర ఖర్చులు | 15,000 | 13,100 | 1,900 మిగులు |
| మొత్తం | 6,40,000 | 6,53,900 | 13,900 ఎక్కువ |

పట్టిక చూస్తే తప్పంతా షామియానాది, భోజనాలు పొదుపుగా జరిగినట్టు కనపడుతుంది. ఫైనాన్స్ కమిటీ మీటింగ్‌లో కూడా ప్రశ్నలన్నీ షామియానా మీదే పడ్డాయి. దాని సంగతి నిజానికి చిన్నది. కొటేషన్‌లో 1,20,000 కింద సన్నటి అక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని ఉంది. 18 శాతం అంటే 21,600. మిగతా 11,400 శుక్రవారం సాయంత్రం కరెంటు పోయి జనరేటర్ ఎక్కువసేపు నడిచినందుకు. కొటేషన్ చివరి లైను చదవకపోవడం నా తప్పు, అందులో ఇంకేం లేదు. ఫ్లెక్సీల్లో పెరిగిన 6,200 వెనక కథ కూడా అంతే: ముఖ్య అతిథి గారి హోదా పాతది వేశాం, ఫోటోల వరస ఒకరికి నచ్చలేదు, రెండుసార్లు మళ్లీ ప్రింట్ చేయించాం.

బహుమతుల్లో మిగిలిన 18,000 చూసి సంతోషించాల్సిన పని లేదు. టీములు చాలక రెండు ఈవెంట్లు రద్దు చేశాం, ఆ ప్రైజ్ మనీ అది.

మిగిలినట్టు కనపడిన 5,900

నాకు ఎక్కువ సమయం పట్టింది భోజనాల పద్దు మీద. అంచనా వేసినప్పుడు రోజుకి వెయ్యి మంది, ప్లేటు వంద రూపాయలు, రెండు రోజులకి రెండు లక్షలు అనుకున్నాం. ఆ వెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఫామ్‌లో ఉన్న 1,018 నుంచే.

శుక్రవారం వెయ్యి ప్లేట్లు చెప్పాం. తిన్నది 690 మంది: పార్టిసిపెంట్లు 560, వాలంటీర్లు, జడ్జీలు, బస్సు డ్రైవర్లు కలిపి 130. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూస్తే రెండు పెద్ద గిన్నెల నిండా అన్నం మూత కూడా తీయకుండా ఉంది. బంగాళదుంప వేపుడు, పప్పు హాస్టల్‌కి పంపాం, అన్నం కొంత ఒక వృద్ధాశ్రమం వాళ్లు తీసుకెళ్లారు. సాంబారు, పెరుగు పారబోయక తప్పలేదు.

ఆ సాయంత్రం భయపడి శనివారానికి 700కి తగ్గించాం. ముందురోజు తిన్నవాళ్లకి పది కలిపితే చాలనుకున్నాం. శనివారం 815 మంది వచ్చారు. ఈవెంట్ షెడ్యూల్ చూసుకుంటే ముందే తెలిసేది. రోబో రేస్, ప్రాజెక్ట్ ఎక్స్‌పో రెండూ శనివారమే, పాలిటెక్నిక్‌ల నుంచి బస్సుల్లో వచ్చేది వాటికే. దానికితోడు ముగింపు సభకి బహుమతులు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు కొందరు వచ్చారు. ఒంటిగంటన్నరకి అన్నం అయిపోయింది. హోటల్ నుంచి 120 పార్సిళ్లు, ఒక్కోటి 130 రూపాయలకి తెప్పించాం. అవి వచ్చేసరికి రెండుంబావు.

ఇప్పుడు డబ్బు లెక్క. కేటరర్ బిల్లులో 5 శాతం జీఎస్టీ ఉంది, అంటే ప్లేటు 105. శుక్రవారం 1,05,000, శనివారం 73,500, పార్సిళ్లు 15,600. కలిపితే 1,94,100. అంచనాతో పోలిస్తే 5,900 మిగులు.

కానీ ఈ పోలికే తప్పు. రెండు వేల భోజనాలకి వేసిన అంచనాని 1,505 భోజనాలకి అయిన ఖర్చుతో పోలుస్తున్నాం. తిన్న 1,505 మందికి సరిగ్గా వండించి ఉంటే 105 చొప్పున 1,58,025 అయ్యేది. మేం పెట్టింది దానికన్నా 36,075 ఎక్కువ. శుక్రవారం మిగిలిపోయిన 310 ప్లేట్లు 32,550, శనివారం పార్సిళ్లకి అదనంగా పెట్టింది 3,525. జనం 495 భోజనాలు తక్కువ తినడం వల్ల 49,500 మిగలాలి. అందులో 36,075 వృథా తినేసింది, 7,525 మేం మరిచిపోయిన జీఎస్టీకి పోయింది, ఆ మిగిలినదే ఈ 5,900. ఏ పద్దులోనైనా సంఖ్య మారినప్పుడు అంచనాని ముందు అసలు సంఖ్యకి తిరగరాసుకుని, ఆ తర్వాతే ఖర్చుతో పోల్చాలి. కాస్టింగ్ పాఠాల్లో ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అంటారు. మా ఎంబీఏ డిపార్ట్‌మెంట్ ఇదే బిల్డింగ్‌లో పై అంతస్తులో ఉంది. ఒక్కసారి మెట్లెక్కి ఉంటే సరిపోయేది.

కిట్ల పద్దులో తేడా "లేదు" అన్నది ఇంకా మోసం. వెయ్యి కిట్లు, 90 రూపాయలు, బిల్లు సరిగ్గా 90,000. కానీ ఇచ్చింది 803. మిగిలిన 197 బ్యాగులు, 17,730 రూపాయల సరుకు, స్టోర్ రూమ్‌లో ఉన్నాయి. బ్యాగు మీద సంవత్సరం, తేదీలు అచ్చేయించాం కాబట్టి మళ్లీ వాడలేం.

వచ్చిన డబ్బు

ఖర్చు 13,900 మాత్రమే పెరిగితే లోటు 88,000 ఎలా అయింది? మిగతా 74,100 రావాల్సినది రాకపోవడం. ఫీజుల కింద 1,90,000 అనుకుంటే 1,55,900 వచ్చింది. అంటే 34,100 తగ్గింది, దానికి కారణం పైన చెప్పిన టిక్కే. ముందే కట్టి రానివాళ్ల 27 మంది డబ్బు మా దగ్గరే ఉండబట్టి ఇంకా ఎక్కువ తగ్గలేదు. మిగిలిన 40,000 ఒక స్పాన్సర్‌ది. ఒక కోచింగ్ సంస్థవాళ్లు 60,000 ఇస్తామని మాటిచ్చి, స్టాల్ పెట్టుకుని, స్టేజి మీద లోగో వేయించుకుని, చివరికి 20,000 చెక్కు, మిగతాదానికి కోర్సు డిస్కౌంట్ కూపన్లు ఇచ్చారు. మా దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేదు. ఫోన్‌లో "చూసుకుందాం మేడం" అన్న మాట ఒక్కటే ఉంది. యాజమాన్యం ఇస్తానన్న మూడు లక్షలు పూర్తిగా ఇచ్చింది. 88,000 ప్రస్తుతానికి డిపార్ట్‌మెంట్ అసోసియేషన్ నిధి నుంచి సర్దారు.

వచ్చే ఏడాదికి మార్చినవి

"వచ్చినప్పుడు కడతాను" తీసేయడం లేదు. బయటి పిల్లల్లో నేరుగా వచ్చినవాళ్లు 61 మంది ఉన్నారు, వాళ్లని పోగొట్టుకోలేం. కానీ ఆ టిక్ పెట్టినవాళ్లని ఇకమీద రిజిస్ట్రేషన్ అనం. వాళ్లకి సీటు ఖాయం కాదు, కిట్ గ్యారంటీ లేదు, భోజనం కూపన్ ఫీజు కట్టాకే. ముందే కడితే 200, వచ్చాక కడితే 300. డెస్క్ దగ్గర కూడా రెండు వేర్వేరు లైన్లు, కట్టనివాళ్ల లైను సిగ్నల్ వచ్చే గేటు పక్కన.

ఫామ్‌లో ఒక మనిషికి ఒకే ఎంట్రీ, ఈవెంట్లు లోపల టిక్ పెట్టుకోవాలి. ఏ ఈవెంట్ ఏ రోజో ఫామ్‌కి తెలుసు కాబట్టి రోజువారీ లెక్క దానంతటదే వస్తుంది. హాల్‌టికెట్ నంబరు పది అక్షరాలు లేకపోతే ఫామ్ ఒప్పుకోదు. డిప్లొమా వాళ్లకి వేరే గడి.

భోజనాల అంచనా ఇకనుంచి ఫెస్ట్‌కి మూడు రోజుల ముందు, రోజు వారీగా వేస్తాం: ఆ రోజుకి డబ్బు కట్టినవాళ్లలో నూటికి తొంభై, కట్టనివాళ్లలో మూడోవంతు, దానికి వాలంటీర్లు, జడ్జీలు, డ్రైవర్లు, అతిథులు పేరుపేరునా. ఈ తొంభై, మూడోవంతు అన్నవి ఒక్క ఏడాది, ఒక్క కాలేజీ లెక్కలు. అందుకే పైన పది శాతం ఎక్కువ పెట్టుకుంటున్నాం, వచ్చే ఏడాది లెక్క వచ్చాక సరిచూస్తాం. ఇంకో కాలేజీవాళ్లు ఇవే అంకెలు వాడుకుంటే నేను బాధ్యురాలిని కాను.

అన్నిటికన్నా పనికొచ్చే సలహా ఇచ్చింది కేటరర్ గారే. బిల్లు సెటిల్ చేసే రోజు వచ్చి కూర్చుని, "అమ్మా, మీరు ముందురోజు రాత్రి ఒక నంబరు చెప్పి వదిలేశారు. పొద్దున పదిన్నరకి మీ గేటు లెక్క నాకు ఫోన్‌లో చెప్పండి చాలు. కూరలు, పప్పు ముందే అయిపోతాయి, వాటిని మార్చలేను. అన్నం మాత్రం రెండో ఎసరు పెట్టాలా వద్దా అన్నది అప్పుడు చూసుకుంటా" అన్నారు. ఇంతకాలం ఈ మాట ఎందుకు చెప్పలేదంటే, "మీరు అడగలేదుగా" అన్నారు. ఈసారి ఒప్పందం అలాగే రాసుకుంటున్నాం: అంచనాలో నూటికి డెబ్భై ఖాయం, మిగతాది పదిన్నర ఫోన్ మీద, వాడని బియ్యానికి డబ్బు లేదు, కూరలకి మాత్రం అంచనా మొత్తానికి ఇస్తాం. ఆ ఫోన్ చేసే బాధ్యత డెస్క్ ఇన్‌చార్జ్‌ది, నాది కాదు. ఆ సమయానికి నేను స్టేజి మీద పూలగుత్తి పట్టుకుని ఉంటాను.

కొటేషన్లన్నీ జీఎస్టీ కలిపే అడుగుతాం. కిట్ బ్యాగు మీద కాలేజీ పేరు, ఫెస్ట్ పేరు తప్ప సంవత్సరం ఉండదు. స్పాన్సర్ డబ్బు బ్యాంకులో పడ్డాకే బడ్జెట్ ఆదాయంలోకి ఎక్కుతుంది, లోగో ఫ్లెక్సీ మీదికి ఎక్కేది కూడా అప్పుడే. తేదీ ఖాయం చేసేముందు చుట్టుపక్కల యూనివర్సిటీల అకడమిక్ క్యాలెండర్లు చూడాలని కూడా రాశాను, అయితే అవి మధ్యలో మారుతుంటాయి కాబట్టి దాని మీద పెద్ద ఆశ పెట్టుకోలేదు.

పెండింగ్‌లో ఉన్నవి రెండు. కోచింగ్ సంస్థకి 40,000 గురించి ఉత్తరం రాశాం, జవాబు రాలేదు. 197 బ్యాగుల్లో నలభై సివిల్ డిపార్ట్‌మెంట్‌వాళ్లు సర్వే క్యాంప్‌కి అడిగి తీసుకున్నారు, తేదీ ఉన్న వైపు లోపలికి తిప్పి కుట్టించుకుంటామన్నారు. మిగిలిన 157 స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నాయి.